దసరాకి 1,500 రూపాయలు, విష్‌లిస్ట్‌లో 14 పాత గేములు: ఏది ఎప్పుడు కొనాలి?

కృష్ణాతీరం · 2025 సెప్టెంబర్ 14, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది విజయవాడ, బీటెక్ రెండో ఏడు. నా ల్యాప్‌టాప్‌కి విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు, ర్యామ్ 8 జీబీ. అందుకని కొత్త గేముల జోలికి పోకుండా పాతవాటిలో మంచివి ఏరి, గేములు అమ్మే స్టీమ్ సైట్ విష్‌లిస్ట్‌లో పెట్టుకున్నా. పోర్టల్ 2, ఫాలౌట్ న్యూ వేగాస్, డిసానర్డ్, డ్యూస్ ఎక్స్, ఫ్యాక్టోరియో, ఇలా మొత్తం 14 ఉన్నాయి. దసరాకి నాన్న 1,500 ఇస్తానన్నారు.

ఇప్పుడు నా ఇబ్బంది ఏంటంటే, వేరే సైట్లో 12 డాలర్లకి ఎనిమిది గేముల బండిల్ నడుస్తోంది. అందులో నా లిస్టులోవి మూడున్నాయి. ఇంకో రెండు రోజుల్లో అయిపోతుంది. స్టీమ్ ఆటమ్ సేల్ మాత్రం ఈ నెల 29న. బండిల్ తీసుకోనా, సేల్ దాకా ఆగనా? ఆగితే సేల్లో ఏ రోజు కొంటే మంచిది?

---

మెరుపుదెబ్బ · సెప్టెంబర్ 14, రాత్రి 10:15

ఆగు బ్రో. సేల్ మొదటి రోజే తొందరపడి కొనకు. చివరి రోజు దాకా చూడు. మధ్యలో కొన్ని గంటల పాటు మాత్రమే ఉండే ఫ్లాష్ డీల్స్ వస్తాయి, అప్పుడు రేటు ఇంకా పడుతుంది. నేను హాస్టల్లో ఉన్నప్పుడు అలారం పెట్టుకుని లేచి కొన్న గేములు బోలెడు. పైగా ఆటమ్ కంటే సమ్మర్ సేలే ఎప్పుడూ చవక, డబ్బులు దాచుకోగలిగితే జూన్ దాకా ఆగు.

---

పాతసీడీ · సెప్టెంబర్ 14, రాత్రి 11:02

మెరుపుదెబ్బ చెప్పింది ఒకప్పటి సంగతి, అప్పట్లో నూటికి నూరుపాళ్లు నిజం. 2015 చివర్లో స్టీమ్ ఆ ఫ్లాష్ డీల్స్, రోజువారీ డీల్స్ తీసేసింది. అప్పట్నుంచి సేల్ మొదటి గంటలో ఉన్న రేటే చివరి గంటలోనూ ఉంటుంది. కాబట్టి కృష్ణాతీరం, 29న రాత్రి 10:30కి సేల్ మొదలైనా, నువ్వు అక్టోబర్ 5న తీరుబడిగా కొన్నా ఒకటే. అలారాలు అక్కర్లేదు.

సమ్మర్ సేలే చవక అన్నది కూడా పాత గేముల విషయంలో నిలవదు. ఏదైనా పదేళ్ల కిందటి గేమ్ రేటు చరిత్ర steamdb.info లో తీసి గ్రాఫ్ చూడు. మెట్లు దిగినట్టు ఉంటుంది. విడుదలైన ఏడాదికి 50 శాతం, ఇంకొన్నాళ్లకి 66, తర్వాత 75, 80, అలా దిగి ఒక మెట్టు దగ్గర ఆగుతుంది. ఆగాక మార్చిలో స్ప్రింగ్ సేల్ అయినా, జూన్‌లో సమ్మర్ అయినా, డిసెంబర్‌లో వింటర్ అయినా అదే రేటు మళ్లీ మళ్లీ వస్తుంది. మధ్యలో ఆ కంపెనీ సొంతంగా పెట్టుకునే వారాంతపు సేల్లోనూ అదే. ఒక డిస్కౌంట్ అయ్యాక మళ్లీ పెట్టడానికి దాదాపు నెల రోజులు ఆగాలని స్టీమ్ రూలు, నాలుగు పెద్ద సేల్స్‌కి మాత్రం అది వర్తించదు. అంటే చేజారిందనుకున్న రేటు ఒకటి రెండు నెలల్లో తిరిగి వస్తుంది.

దీన్ని బట్టి నేను పెట్టుకున్న నియమం ఒక్కటే. సేల్ ఉందని కొనను, ఆడటానికి సిద్ధమయ్యాక తర్వాత వచ్చే సేల్లో కొంటాను. సెలవుల్లో నువ్వు నిజంగా ఎన్ని పూర్తి చేస్తావు? ఫాలౌట్ న్యూ వేగాస్ ఒక్కటే పది రోజులు మింగేస్తుంది.

ఇక బండిల్. ఆ ఎనిమిదిలో నీకు కావాల్సిన మూడింటికీ ఈ ఏడాది స్టీమ్‌లో వచ్చిన కనిష్ఠ రేటు ఎంతో రాసి పెట్టు. దాన్నిబట్టి లెక్క వేద్దాం.

---

కృష్ణాతీరం · సెప్టెంబర్ 15, ఉదయం 8:20

రాశాను అన్నా. మొదటిది 120, రెండోది 150, మూడోది 90. మూడూ కలిపి 360.

---

పాతసీడీ · సెప్టెంబర్ 15, ఉదయం 9:05

12 డాలర్లంటే ఈరోజు రేటుకి సుమారు 1,056 రూపాయలు. డాలర్లలో కడితే బ్యాంకు తన కోత తను కోస్తుంది, నా కార్డుకి 3.5 శాతం, అంటే ఇంకో 37. మొత్తం 1,093 దాకా. నీకు కావాల్సినవి 360కి వస్తుంటే, మిగతా 733 పెట్టి నువ్వెప్పుడూ పేరు వినని ఐదు గేములు కొంటున్నట్టు. ఎనిమిదితో భాగించి ఒక్కోటి 137 పడిందని సంబరపడితే లెక్క తప్పుతుంది. భాగించాల్సింది ఆడేవాటితో. మూడే ఆడితే ఒక్కోటి 364.

కొన్ని బండిళ్లకి మెట్లుంటాయి, అది కూడా చూడు. 12 డాలర్లు పూర్తి సెట్‌కి అయినా, 5 డాలర్ల మెట్టులోనే నీ మూడింట్లో రెండు ఉండొచ్చు. అప్పుడు కూడా 5 డాలర్లంటే 450 పైమాటే అవుతుంది కాబట్టి నీ విషయంలో లాభం లేదు. అదే ఆ మూడూ ఇంకా కొత్తవై, స్టీమ్‌లో ఒక్కోటి 500కి తగ్గకుండా ఉంటే బండిల్‌కే ఓటు వేసేవాణ్ణి. బండిల్‌తో లాభమంతా రేటు ఇంకా పై మెట్ల మీదున్న గేముల్లోనే ఉంటుంది. అట్టడుగు మెట్టుకి చేరిన పాత గేముల్లో పెద్దగా మిగలదు.

---

వరంగల్_పద్మ · సెప్టెంబర్ 15, మధ్యాహ్నం 1:30

మా పోరగాడు కూడా పాత గేములే అడుగుతుండు. ఇంట్ల పీఎస్4 ఉంది. మీరు చెప్తున్న ఈ సేల్ల కొంటే డిస్కు ఇంటికి వస్తదా, లేక పోతే డౌన్‌లోడేనా? మొన్న హన్మకొండల ఒక షాపుల వాడిన డిస్కు 400కి తెచ్చిన, ఆడినంక మళ్లా ఆయనకే 250కి ఇచ్చిన. గట్ల చూస్తే 150 పడ్డట్టే కదా?

---

పాతసీడీ · సెప్టెంబర్ 15, మధ్యాహ్నం 2:10

పద్మగారూ, ఇక్కడ మాట్లాడుతున్నది కంప్యూటర్ గేముల గురించండి. స్టీమ్‌లో కొన్నది పీఎస్4లో ఆడదు, డిస్కూ రాదు. కానీ మీ లెక్క చాలా బాగుంది. డిస్కు తిరిగి అమ్ముకోగలగడం కంప్యూటర్ వాళ్లకి లేని సౌకర్యం. మీకు ఆ షాపే మంచిది.

---

టెక్సాస్_తెలుగోడు · సెప్టెంబర్ 15, రాత్రి 8:45

ఇక్కడ డాలర్లలో చూస్తే ఇండియా రేట్లు దాదాపు సగం కనిపిస్తున్నాయి. గుంటూరులో మా తమ్ముడి స్టీమ్ అకౌంట్ ఉంది. వాడితో కొనిపించి గిఫ్ట్‌గా తెప్పించుకుంటే సరిపోదా? లేదా స్టీమ్ ఫ్యామిలీలో వాణ్ణి కలుపుకుంటే ఇద్దరికీ ఒకే లైబ్రరీ అవుతుంది కదా?

---

పాతసీడీ · సెప్టెంబర్ 15, రాత్రి 9:30

రెండూ కుదరవండి. ఇక్కడి రేటుకీ అక్కడి రేటుకీ తేడా ఎక్కువుంటే గిఫ్ట్ వెళ్లదు, కొనే ముందే ఆపేస్తుంది. ఫ్యామిలీలో ఆరుగురు దాకా ఉండొచ్చు కానీ అందరూ ఒకే దేశంలో ఉండాలి. ఒకే ఇంట్లో వాళ్ల కోసమని కూడా వాళ్లు స్పష్టంగా రాశారు. అకౌంట్ దేశం మార్చి కొనే ఆలోచన అసలు పెట్టుకోకండి, పట్టుబడితే అకౌంటే పోవచ్చు.

కృష్ణాతీరం ఇంట్లో అన్నదమ్ములుంటే మాత్రం ఫ్యామిలీ బాగా పనికొస్తుంది. ఒకరు ఒక గేమ్, ఇంకొకరు వేరే గేమ్ ఒకేసారి ఆడుకోవచ్చు. ఒకే గేమ్ ఇద్దరూ ఒకేసారి ఆడాలంటే మాత్రం రెండు కొనాలి.

---

కృష్ణాతీరం · సెప్టెంబర్ 16, రాత్రి 10:50

అన్నా, బండిల్ వదిలేశాను. నువ్వు చెప్పిన గ్రాఫులు 14కీ చూశాను. ఒక దాని దగ్గర ఆగిపోయా. అతి తక్కువ రేటు 50 రూపాయలని ఉంది, 2021లో. కానీ ఈ ఏడాది వచ్చిన ప్రతి సేల్లోనూ 100కే ఆగింది. 50 కోసం వింటర్ దాకా ఆగనా? విష్‌లిస్ట్ మెయిల్స్ కూడా రోజూ వస్తున్నాయి, ఏది మంచి రేటో వాటిని చూస్తే అర్థం కావడం లేదు.

---

పాతసీడీ · సెప్టెంబర్ 17, ఉదయం 7:15

మంచి ప్రశ్న. ఇక్కడే చాలామంది ఏళ్లకేళ్లు ఆగిపోతారు. గ్రాఫ్‌లో డిస్కౌంట్ గీత కాకుండా అసలు రేటు గీత చూడు. బహుశా 499 నుంచి 999కి మారి ఉంటుంది. 2022 అక్టోబర్‌లో స్టీమ్ దేశాలవారీగా సూచించే రేట్లని సవరించింది, ఆ తర్వాత చాలా కంపెనీలు మన రూపాయి రేట్లు పెంచాయి. 499 మీద 90 శాతం పోతే 50. 999 మీద అదే 90 శాతం పోతే 100. కంపెనీ ఇవ్వాల్సినంత తగ్గింపు ఇచ్చేస్తోంది, కింద నేల పైకి లేచిందంతే. ఆ 50 ఇక రాదు. నేను కూడా ఒక గేమ్ కోసం ఇలాగే రెండేళ్లు ఆగాను, చివరికి నూటికే కొన్నాను.

అందుకని మొత్తం చరిత్రలోని కనిష్ఠం పక్కన పెట్టి, గత 12 నెలల్లో ఎంతకి దిగిందో అదే నీ లెక్కగా పెట్టుకో. శాతం కూడా చూడు. ఆ గేమ్‌కి అలవాటైన శాతానికి చేరిందంటే కొనేయొచ్చు.

మెయిల్స్ సంగతికొస్తే, 20 శాతం తగ్గినా స్టీమ్ మెయిల్ పంపిస్తుంది. ఎప్పుడూ 80 తగ్గే గేమ్ 20 తగ్గిందని కబురొస్తే దానివల్ల ఉపయోగం ఏముంది? isthereanydeal.com లోకి వెళ్లి దేశం ఇండియా అని పెట్టి, నీ స్టీమ్ విష్‌లిస్ట్ అందులోకి తెచ్చుకో. ఒక్కో గేమ్‌కి నీ రేటు నువ్వే రాయి. ఆ నూటి గేమ్‌కి 100 అని రాస్తే, అంతకు దిగినప్పుడే కబురు చేస్తుంది. 14 గేములకి గంట పట్టదు.

నీ లిస్టులో ఫ్యాక్టోరియో ఉందన్నావు. దాన్ని ఈ పద్ధతిలోంచి తీసెయ్. ఆ గేమ్ చేసినవాళ్లు డిస్కౌంట్ ఇవ్వమని ముందే చెప్పారు, ఇంతవరకూ ఇవ్వలేదు. పైగా 2023 జనవరిలో 30 డాలర్ల నుంచి 35కి పెంచారు. కావాలనుకున్న రోజు కొనుక్కోవడమే. దానికి ఉచిత డెమో ఉంది, ముందు అది ఆడు.

---

మెరుపుదెబ్బ · సెప్టెంబర్ 17, ఉదయం 11:40

ఫ్లాష్ డీల్స్ పోయాయని నాకు నిజంగా తెలీదు, మధ్యలో ఉద్యోగంలో పడి కొనడం మానేశా. సరే, అసలు ఎపిక్ స్టోర్‌లో ప్రతి గురువారం గేములు ఉచితంగా ఇస్తుంటే ఇంత లెక్క ఎందుకు? 2020 మేలో జీటీఏ 5 లాంటిదే ఊరికే ఇచ్చేశారు.

---

పాతసీడీ · సెప్టెంబర్ 17, మధ్యాహ్నం 12:25

అది తప్పకుండా తీసుకోవాలి, 2018 డిసెంబర్ నుంచీ నేను తీసుకుంటూనే ఉన్నా. ఇప్పుడైతే గురువారం రాత్రి 8:30కి మారుతుంది, చలికాలంలో 9:30కి. కాకపోతే ఏది ఇస్తారో మన చేతుల్లో లేదు కాబట్టి దాన్ని నమ్ముకుని లిస్టు వేసుకోలేం. 100 రూపాయల గేమ్ ఎప్పుడో ఉచితంగా ఇస్తారేమోనని ఆపుకోవడం నాకు నచ్చదు. 800 గేమ్ అయితే ఆగుతాను.

---

గాజువాక · సెప్టెంబర్ 18, రాత్రి 9:10

రేట్ల గురించే మాట్లాడుతున్నారు, కొన్నది చేతిలో ఉంటుందా లేదా అన్నది ఎవరూ అడగట్లేదు. మా ఇంట్లో విండోస్ 7 కంప్యూటర్ ఉంది, నాన్నగారిది. 2024 జనవరి 1 నుంచి స్టీమ్ విండోస్ 7కి సపోర్ట్ ఆపేసింది. అందులో ఆడుకునే పాత గేముల కోసం కొత్త కంప్యూటర్ కొనాలా? నేను జీఓజీ అనే ఇంకో గేముల సైట్లో కొన్నవాటికి ఇన్‌స్టాలర్ ఫైల్ వేరే హార్డ్ డిస్క్‌లో దాచుకున్నాను. నెట్ లేకపోయినా, లాగిన్ లేకపోయినా ఎక్కించుకుంటాను. డ్యూస్ ఎక్స్ లాంటి 2000 నాటి గేమ్‌ని అక్కడే కొనాలి తమ్ముడూ. రీఫండ్ కూడా 30 రోజులు ఇస్తారు.

---

పాతసీడీ · సెప్టెంబర్ 18, రాత్రి 10:00

చాలా పాత గేముల విషయంలో గాజువాకతో ఏకీభవిస్తాను. కాకపోతే అక్కడ మనకి రూపాయల్లో రేటు లేదు, డాలర్లే. ఒక డాలర్ చిల్లర రేటుకి పడిన గేమ్ అయితే తేడా తెలియదు. పదేళ్ల లోపు గేముల్లో మాత్రం రెండింతలు పడుతుంది.

---

గాజువాక · సెప్టెంబర్ 18, రాత్రి 10:20

రెండింతలు పెట్టి దగ్గరుంచుకోవడమే నాకు ఇష్టం. స్టోర్‌లోంచి గేమ్ తీసేస్తే ఏం చేస్తారు?

---

పాతసీడీ · సెప్టెంబర్ 18, రాత్రి 10:55

ముందే కొన్నవాళ్లకి లైబ్రరీలో మామూలుగా ఉంటుంది, కొననివాళ్లకే దొరకదు. నిజానికి మీరు అడిగింది కృష్ణాతీరానికి చాలా ముఖ్యం. ‘రేటు మళ్లీ వస్తుంది, ఆగు’ అన్న నా మాట పనిచేయని చోటు ఇదే. గేమ్‌లో అద్దె హక్కులతో వాడిన పాటలు గానీ, నిజమైన కార్ల బ్రాండ్లు గానీ ఉంటే, ఆ లైసెన్సు గడువు తీరగానే స్టోర్‌లోంచి తీసేస్తారు. అలన్ వేక్‌ని పాటల హక్కుల వల్ల 2017 మేలో తీసేశారు. తీసే ముందు 90 శాతం తగ్గించి అమ్మారు. 2018 అక్టోబర్‌లో హక్కులు మళ్లీ కుదిరి తిరిగొచ్చింది, అలా రావడం అరుదు. ఫోర్జా హొరైజన్ 4ని 2024 డిసెంబర్ 15న తీసేశారు. కార్ల గేములు, సినిమా పాత్రల గేములు నీ లిస్టులో ఉంటే వాటిని ముందు కొను.

---

వరంగల్_పద్మ · సెప్టెంబర్ 20, సాయంత్రం 6:05

మా చెల్లె కొడుక్కి ఇదంతా చదివి వినిపించిన. వాడు కంప్యూటర్లనే ఆడుతడు. వాడన్నది ఏందంటే, పోయినేడు ఒక బండిల్ల ఊరికే వచ్చిన గేమే వానికి అన్నింట్ల ఎక్కువ నచ్చిందట. పేరు కూడా ఎన్నడూ వినలేదట. తెలిసినవే కొంటూ పోతే కొత్తది ఎట్ల దొరుకుతది అని అడుగుతుండు. ఇంకో మాట, వాని దోస్తు ఒక సైట్ల కొన్న కీ, అదే గేమ్ తెరిచే కోడ్, ఇక్కడ పనిచెయ్యలేదట, ఈ దేశంల చెల్లదని చూపించిందట. పైసలు తిరిగి రాలేదట.

---

పాతసీడీ · సెప్టెంబర్ 20, రాత్రి 7:40

పిల్లాడి మాట కాదనలేను. నాకూ అలా ఒకటి రెండు దొరికాయి. అయినా నా లైబ్రరీలో బండిళ్లతో వచ్చి ఒక్కసారి కూడా తెరవని గేములు చాలానే ఉన్నాయి. 1,500 చేతిలో ఉన్నవాడికి ఒక సలహా, 15,000 ఉన్నవాడికి ఇంకో సలహా అనుకుంటా.

కీ విషయం అందరూ గుర్తుపెట్టుకోండి. బయట కొన్న కీకి స్టీమ్ రీఫండ్ ఇవ్వదు. కట్టే ముందే ఆ పేజీలో కీ ఏ దేశాల్లో పనిచేస్తుందో రాసి ఉంటుంది, ఇండియా ఉందో లేదో చూడాలి. రాసి లేకపోతే కొనొద్దు. స్టీమ్‌లో నేరుగా కొంటే 14 రోజుల్లోపు, రెండు గంటల కన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి వస్తుంది. కొన్న వారానికే సేల్ వచ్చిందనుకోండి, రీఫండ్ తీసుకుని తక్కువ రేటుకి మళ్లీ కొనుక్కోవచ్చు. అది తప్పు కాదని స్టీమే రాసింది.

---

కృష్ణాతీరం · సెప్టెంబర్ 29, రాత్రి 11:15

సేల్ మొదలైంది. ఒక సిరీస్ దగ్గర తికమకగా ఉంది అన్నా. మూడు భాగాలు, మొదటిది నా దగ్గర ఉంది. స్టీమ్‌లోనే మూడూ కలిపి రెండు రకాలుగా అమ్ముతున్నారు. ఒకటి 575, ఇంకోటి బండిల్ అని పేరుపెట్టి 540. విడివిడిగా మొదటిది 100, రెండోది 200, మూడోది 400.

---

పాతసీడీ · సెప్టెంబర్ 29, రాత్రి 11:50

ఆ 575ది పాత రకం ప్యాక్. నీ దగ్గర ఏది ఉన్నా లేకపోయినా అంతే కట్టాలి. బండిల్ అలా కాదు, నీ దగ్గరున్నదాన్ని తీసేసి మిగిలినవాటికే లెక్క కడుతుంది. రెండోదీ మూడోదీ కలిపి 600, దాని మీద బండిల్ తరఫున ఇంకో పది శాతం పోతే 540. సేల్ తగ్గింపు మీద ఇది అదనం. నీ దగ్గర మొదటిది లేకపోయి ఉంటే బండిల్ 630 పడేది, అప్పుడు 575 ప్యాక్ చవక. అంటే ఒకే పేజీ ఇద్దరికి రెండు రకాలుగా లాభం చూపిస్తుంది. లాగిన్ అయ్యి చూస్తేనే నీ అసలు రేటు తెలుస్తుంది.

న్యూ వేగాస్ కొంటే మాత్రం బేస్ గేమ్ కొనకు. అల్టిమేట్ ఎడిషన్‌లో అన్ని డీఎల్‌సీలూ, అంటే విడిగా అమ్మే అదనపు భాగాలన్నీ ఉన్నాయి. బేస్ చవగ్గా ఉందని కొని, తర్వాత డీఎల్‌సీలు ఒక్కోటీ కలుపుకుంటూ పోతే రెండూ కలిపి ఎక్కువవుతుంది. డిసానర్డ్‌కి డెఫినిటివ్ ఎడిషన్ కూడా అంతే.

---

కృష్ణాతీరం · అక్టోబర్ 6, ఉదయం 10:30

చివరికి మూడు కొన్నాను. న్యూ వేగాస్ అల్టిమేట్, పోర్టల్ 2, ఇంకా ఆ 100 రూపాయలది. సిరీస్ బండిల్ ఆపాను, మొదటి భాగమే ఇంకా పూర్తి చేయలేదు. యూపీఐతోనే కట్టేశా, కార్డు అవసరం పడలేదు. 1,500లో 1,000 పైనే మిగిలింది. మిగతా 11కీ రేట్లు రాసి పెట్టుకున్నా. ఇంట్లో తమ్ముణ్ణి ఫ్యామిలీలో కలిపాను, వాడు పోర్టల్ 2 మొదలుపెట్టేశాడు.

డ్యూస్ ఎక్స్ మాత్రం ఇంకా తేల్చుకోలేదు. గాజువాక అన్న చెప్పినట్టు జీఓజీలో తీసుకుంటే నా కార్డు మీద డాలర్ లావాదేవీలు ముందు ఆన్ చేయించుకోవాలి, నాన్న ఒప్పుకోవాలి.

---

గాజువాక · అక్టోబర్ 6, మధ్యాహ్నం 12:05

నాన్నగారికి ఆ ఇన్‌స్టాలర్ ఫైల్ చూపించు తమ్ముడూ. నెట్ తీసేసి ఎక్కించి చూపించు. మా నాన్న ఒప్పుకున్నది అలాగే.

---

పాతసీడీ · అక్టోబర్ 6, మధ్యాహ్నం 12:40

తొందరేం లేదు. వింటర్ సేల్ డిసెంబర్ 18న, మన టైము రాత్రి 11:30కి మొదలై జనవరి 5 దాకా ఉంటుంది. జీఓజీ వాళ్లు కూడా ఏటా డిసెంబర్‌లో సేల్ పెడతారు. ఈలోపు న్యూ వేగాస్ ఎంతవరకు వచ్చిందో రాస్తూ ఉండు.